లాభమంతా రిజర్వుకు వెళ్లిపోతే నా వాటా సంగతేంటి?

*మాది పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీ. మా మామగారు పెట్టారు. తర్వాత ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మార్చారు. మా వారు పోయి నాలుగేళ్లయింది. ఆయన షేర్లు, మొత్తంలో ఇరవై శాతం, నా పేరుకు మారాయి. మా బావగారికి నలభై శాతం, వాళ్ల అబ్బాయికి ఇరవై, విశాఖలో ఉద్యోగం చేసుకునే మా మరిదికి ఇరవై. వాళ్లు ముగ్గురూ డైరెక్టర్లు, నేను కాదు. నాకు ఇంతవరకు డివిడెండ్ అని ఒక్క రూపాయి రాలేదు.*

*ఈ ఏడు పన్ను పోగా 42 లక్షల లాభం వచ్చింది. అందులో 40 లక్షలు జనరల్ రిజర్వుకు రాసి, డివిడెండ్ లేదన్నారు. అడిగితే బావగారు "రిజర్వుకు పెట్టాలని చట్టమే ఉందమ్మా. అయినా డబ్బెక్కడుంది, అంతా పిక్కల్లోనే ఉంది" అంటారు. ఆయన, వాళ్లబ్బాయి కలిపి ఏడాదికి 30 లక్షలు జీతం తీసుకుంటున్నారు. కిందటేడు అది 18 లక్షలు. నాకు రెండేళ్లుగా నెలకు ఇరవై వేలు ఇంటి ఖర్చుకని ఫ్యాక్టరీ నుంచి పంపుతున్నారు. సాయం అనుకున్నాను. మొన్న కాగితాల్లో నా పేరు మీద 4.80 లక్షలు అడ్వాన్సు అని చూసి గుండె గుభేల్‌మంది.*

*పాప విజయనగరంలో బీటెక్ రెండో సంవత్సరం. సెప్టెంబరు చివర్లో వార్షిక సమావేశం. బావగారు చెడ్డవారు కాదు, మా వారి వైద్యానికి ఆసుపత్రుల చుట్టూ తిరిగింది ఆయనే. గొడవ పడలేను, ఊరుకోనూ లేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అకౌంట్ల కాపీ జత చేశాను. నేనేం చెయ్యాలి?*

*— ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా*

అమ్మా, ముందుగా ఒక భయం తీసేస్తాను. రిజర్వుకు రాసిన ఆ 40 లక్షలు మీ బావగారి జేబులోకి వెళ్లలేదు. కంపెనీలోనే ఉన్నాయి, వాటిలో మీ ఇరవై శాతం మీదే.

మీరు పంపిన కాపీలో "రిజర్వులు, మిగులు" అనే నోట్ ఉంది చూడండి. దాన్ని పై నుంచి కిందికి ఒకసారి చదవండి. కిందటేడు నుంచి తెచ్చుకున్న మిగులు 18 లక్షలు. ఈ ఏడాది లాభం 42 లక్షలు కలిపితే 60. అందులో నుంచి జనరల్ రిజర్వుకు 40 తీశారు. డివిడెండ్ దగ్గర గీత పెట్టారు. మిగిలిన 20 లక్షలను వచ్చే ఏటికి ముందుకు తీసుకెళ్లారు. పన్ను కట్టాక మిగిలిన లాభం వెళ్లే దారులు ముఖ్యంగా ఈ మూడే. కొంత రిజర్వు అని పేరు పెట్టి పక్కన రాస్తారు, కొంత వాటాదారులకు పంచుతారు, ఏ పేరూ పెట్టనిది మిగులుగా ముందుకు వెళ్తుంది. ఆ నోట్‌లోనే ఇంకో వరుసలో జనరల్ రిజర్వు 90 లక్షల నుంచి 130 లక్షలకు పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే ఇన్నేళ్లు మీకు పంచని లాభం అక్కడ పేరుకుంది.

మూలధనం 50 లక్షలు, జనరల్ రిజర్వు 130, మిగులు 20. మొత్తం కలిపితే 200 లక్షలు. షేర్లు ఐదు లక్షలు కాబట్టి, పది రూపాయల షేరు పుస్తకాల ప్రకారం ఇవాళ నలభై రూపాయలు. మీ లక్ష షేర్లకు 40 లక్షలు. ఆ ధరకు రేపే కొనేవాళ్లు దొరుకుతారని నేననడం లేదు. ప్రైవేట్ కంపెనీలో తక్కువ వాటా అమ్ముడుపోవడం కష్టం, బయటివాళ్లకు అమ్మాలంటే కంపెనీ నియమావళి కూడా అడ్డొస్తుంది. కానీ రిజర్వు పెరిగితే మీ షేరు విలువ కూడా పెరుగుతుంది, తరగదు. చిక్కల్లా పాప ఫీజు ఆ విలువతో కట్టలేకపోవడమే.

మరి "డబ్బెక్కడుంది" అన్న బావగారి మాట? అది నిజం. రిజర్వు అంటే బీరువాలో విడిగా దాచిన నోట్ల కట్ట కాదు. అది బ్యాలెన్స్ షీట్‌లో ఒక వైపు రాసుకున్న లెక్క. ఆ లెక్కకు సరిపడా ఆస్తులు రెండో వైపు ఏ రూపంలో ఉన్నాయో చూడాలి. మీ కంపెనీలో భవనం, బాయిలరు, యంత్రాలు 110 లక్షలు. పిక్కలు, పప్పు నిల్వ 210 లక్షలు. వ్యాపారుల నుంచి రావాల్సింది 54. బ్యాంకులో ఉన్నది 6 లక్షలే. పైగా ఇదంతా సొంత డబ్బుతో కొన్నది కాదు. క్యాష్ క్రెడిట్ కింద, అంటే సరుకు తాకట్టు మీద వాడుకునే అప్పు కింద, బ్యాంకుకు 140 లక్షలు బాకీ ఉంది, మిగతావాళ్లకు ఇవ్వాల్సింది ఇంకో 40 దాకా ఉంది. ఉద్దానంలో పిక్క చేతికొచ్చే నాలుగు నెలల్లోనే కొని పెట్టుకోకపోతే తర్వాత దిగుమతి సరుకు మీద ఆధారపడాలి. అందుకే ఈ వ్యాపారంలో లాభం పుస్తకంలో కనిపించినంత తొందరగా బ్యాంకులో కనిపించదు. ఆ విషయంలో ఆయన మిమ్మల్ని మభ్యపెట్టడం లేదు.

చట్టం గురించి ఆయన చెప్పింది మాత్రం ఇప్పుడు సరి కాదు. పాత కంపెనీల చట్టం కింద 1975లో వచ్చిన నిబంధనలు అలా ఉండేవి. డివిడెండ్ పది శాతం దాటితే, దాటినదాన్ని బట్టి లాభంలో రెండున్నర నుంచి పది శాతం దాకా రిజర్వుకు తప్పనిసరిగా పంపాలి. అప్పుడు కూడా డివిడెండ్ ఇచ్చేటప్పటి మాటే అది. 2013 చట్టంలోని 123వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ బలవంతం పోయింది. ఎంత పంపాలో, అసలు పంపాలో వద్దో బోర్డు ఇష్టం. ఆ పాత అలవాటు ఇప్పటికీ చాలా కుటుంబ కంపెనీల్లో నడుస్తోంది. బావగారు తెలిసి అబద్ధమాడారని అనుకోకండి. ఆడిటరును అడిగితే రెండు నిమిషాల్లో ఆయనకే తెలుస్తుంది.

ఇక్కడే మీరు బాగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మిగులుగా ఉంచిన లాభానికీ, జనరల్ రిజర్వుకు పంపిన లాభానికీ తేడా పేరులోనే కాదు. మిగులుగా ఉంచినదాన్ని, లాభం తగ్గిన ఏడాదిలో కూడా బోర్డు సిఫారసు చేసి, సభ్యులు ఒప్పుకుంటే పంచుకోవచ్చు. రిజర్వుకు పంపాక అలా కాదు. ఆ ఏడాది లాభం చాలక రిజర్వు నుంచి తీసి డివిడెండ్ ఇవ్వాలంటే 2014 నిబంధనలు అడ్డు నిలుస్తాయి. మూలధనం, రిజర్వులు కలిపిన మొత్తంలో పదో వంతుకు మించి తీయకూడదు. తీసినదాంతో ముందు ఆ ఏడాది నష్టం పూడ్చాలి. తీశాక మిగిలే రిజర్వు మూలధనంలో పదిహేను శాతం కంటే తగ్గకూడదు. అంతకుముందు మూడేళ్లలో డివిడెండ్ ఇచ్చి ఉంటే, ఆ మూడేళ్ల సగటు రేటు కూడా దాటకూడదు.

ఇవాళ్టి అంకెలే పెట్టి చూద్దాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో జీడితోటలు నేలకూలిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి దెబ్బ తగిలి వచ్చే ఏడు 20 లక్షలు నష్టం వచ్చిందనుకోండి. ఇప్పుడు రాసిన పద్ధతిలో మిగులు 20 లక్షలే కాబట్టి నష్టంతో అది తుడిచిపెట్టుకుపోతుంది. రిజర్వులో 130 లక్షలు కనిపిస్తూనే ఉంటాయి. కానీ 200లో పదో వంతు అంటే 20 లక్షలకు మించి తీయకూడదు, తీసినా ముందు ఆ ఏడాది నష్టానికే వాడాలి. అక్కడికది సరి, మీకు డివిడెండ్‌కు ఏమీ మిగలదు. అదే ఈ 40 లక్షలను రిజర్వుకు పంపకుండా 60 లక్షలూ మిగులుగా ఉంచి ఉంటే, 20 నష్టం పోయినా 40 ఉంటుంది. అందులోంచి ఆ కష్టకాలంలో కూడా ఎంతో కొంత పంచుకోవచ్చు. రెండు పద్ధతుల్లోనూ కంపెనీ నుంచి ఇవాళ ఒక్క రూపాయి బయటికి పోదు. తేడా అంతా రేపు దాన్ని ముట్టుకోగలరా లేదా అన్నదే.

రిజర్వు పెద్దగా కనిపిస్తేనే బ్యాంకు లిమిట్ పెంచుతుందని బావగారు అనవచ్చు. బ్యాంకువాళ్లు కంపెనీ సొంత నిధి లెక్క కట్టేటప్పుడు మూలధనం, రిజర్వు, మిగులు మూడూ కలిపే చూస్తారు. 130, 20 అని రాసినా, 90, 60 అని రాసినా వాళ్లకు 150యే. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి కోరిక ఎవరికీ నష్టం లేనిది. మీరు పంపిన కాపీ చివరి పేజీలో డైరెక్టర్ల సంతకాలు, ఆడిటరు సంతకం లేవు. అంటే అవి ఇంకా ముసాయిదా అకౌంట్లే. బోర్డు ఆమోదించే లోపు ఆ 40 లక్షల బదిలీని తీసేయమని, లేదా ఐదో పదో లక్షలకు తగ్గించమని అడగండి. ఆడిటరుకు ఒక నోట్ మార్చే పని మాత్రమే. ఒకవేళ అప్పటికే సంతకాలైపోతే ఈ ఏటికి దాన్ని పట్టుకుని వాదించకండి. 20 లక్షల మిగులు ఎలాగూ ఉంది, ఇప్పుడు చెప్పబోయే డివిడెండ్‌కు అది చాలు.

డివిడెండ్ ఎంత అడగాలన్నది చట్టం తేల్చే విషయం కాదు, బ్యాంకు ఖాతా తేల్చాలి. షేరుకు రెండు రూపాయలు, అంటే ఇరవై శాతం డివిడెండ్ అనుకుంటే మొత్తం 10 లక్షలు. మీకు 2 లక్షలు వస్తుంది. ఇప్పుడు ఫ్యాక్టరీ ఎంత తట్టుకోగలదో చూద్దాం. నిల్వ 210, రావాల్సింది 54, అందులోంచి సరుకు ఇచ్చినవాళ్లకు బాకీ 28 తీసేస్తే 236. బ్యాంకు మార్జిన్ ఇరవై ఐదు శాతం అనుకుంటే డ్రాయింగ్ పవర్, అంటే ఆ సరుకు మీద బ్యాంకు తీసుకోనిచ్చే అప్పు, 177 దాకా వస్తుంది. కానీ మీ లిమిట్ 150 అని నోట్‌లో ఉంది, 140 వాడేశారు. అంటే తీయగలిగింది ఇంకో 10 లక్షలు, చేతిలో 6. మొత్తం 16. ఇవి మార్చి 31 నాటి అంకెలు, సెప్టెంబరుకు మారతాయి. అయినా 10 లక్షలు ఒకేసారి పంచితే పిక్క కొట్టే ఆడవాళ్ల కూలి, కరెంటు బిల్లు, బాయిలరు ఖర్చు అన్నీ మిగిలిన ఆరింటిలో సర్దాలి. పైగా క్యాష్ క్రెడిట్ నుంచి తీసి డివిడెండ్ ఇవ్వడమంటే వడ్డీకి అప్పు తెచ్చి పంచుకోవడమే. బావగారు దీనికి ఒప్పుకోకపోతే ఆయన తప్పు కాదు.

అందుకని నేనైతే రెండు విడతలుగా అడగమంటాను. సెప్టెంబరు సమావేశంలో షేరుకు ఒక రూపాయి, మొత్తం 5 లక్షలు. దసరా, దీపావళికి పప్పు అమ్ముడుపోయి వ్యాపారుల దగ్గర నుంచి డబ్బు వచ్చాక, డిసెంబరులో మధ్యంతర డివిడెండ్‌గా ఇంకో రూపాయి. మధ్యంతర డివిడెండ్‌కు సమావేశం అక్కర్లేదు, బోర్డు తీర్మానం చాలు. దాన్ని మిగులులోంచి ఇవ్వవచ్చు. మిగులును ఖాళీ చేయవద్దని నేనంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. అయితే ఈ ఏడాది డిసెంబరు ముందు త్రైమాసికం దాకా నష్టం నడుస్తుంటే, అంతకుముందు మూడేళ్ల సగటు రేటుకు మించి మధ్యంతర డివిడెండ్ ఇవ్వకూడదు. మీ కంపెనీ ఇన్నాళ్లు ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఆ సగటు చాలా తక్కువే ఉంటుంది. కాబట్టి రెండో విడత సరుకు ఎలా ఉందన్న దాని మీద ఆధారపడినదని ముందే ఒప్పుకుని అడగండి. ఇంకో జాగ్రత్త. క్యాష్ క్రెడిట్ మంజూరు పత్రంలో బ్యాంకు అనుమతి లేకుండా డివిడెండ్ ఇవ్వకూడదన్న షరతు ఉండవచ్చు. దాన్ని ఒకసారి చదవమనండి.

రెండు విడతలా వద్దు, ఒకేసారి కావాలి అనుకుంటే అది కూడా అడగవచ్చు. ఒప్పుకుంటే పాప ఫీజు ఒక్క దెబ్బతో తీరుతుంది. ఒప్పుకోకపోతే "చూశావా, వ్యాపారం తెలియకుండా అడుగుతోంది" అన్న మాటకు మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఆ మాట మరిది చెవిన పడితే ఆయన కూడా వెనక్కి తగ్గుతారు.

జీతం సంగతి విడిగా చూడాలి. 42 లక్షలన్నది జీతాలు పోగా మిగిలిన లాభం. అంటే పంపకం మొదలయ్యే లోపే కొంత బయటికి వెళ్లిపోయింది. పెంచిన 12 లక్షలు పెంచకపోయి ఉంటే, పన్ను పోను లాభం మరో 9 లక్షల దాకా పెరిగేది. అందులో మీ వంతు సుమారు 1.80 లక్షలు. ఇరవై శాతం డివిడెండ్ వస్తే పది శాతం టీడీఎస్ పోగా మీ చేతికి వచ్చేది కూడా అంతే. కాబట్టి "రిజర్వులు, మిగులు" నోట్ ఒక్కటే చూసి ఊరుకుంటే అసలు కథ తప్పిపోతుంది. అలాగని ఆ పెంపు అన్యాయమని నేను కాగితం చూసి చెప్పలేను. ప్రైవేట్ కంపెనీలో డైరెక్టర్ల జీతానికి లాభంలో ఇంత శాతమని చట్టం పరిమితి పెట్టలేదు. ఇద్దరు మనుషులు పొద్దున బాయిలరు దగ్గర నుంచి రాత్రి గ్రేడింగ్ అయ్యేదాకా ఉంటే, ఆ పనికి బయట మేనేజర్లను పెట్టుకుంటే ఎంత అవుతుందో దాంతో పోల్చాలి. మీరు అడగాల్సింది జీతం తగ్గించమని కాదు. ఈ పెంపు ఏ బోర్డు తీర్మానంతో జరిగింది, వచ్చే ఏడాది నుంచి జీతం పెరిగితే డివిడెండ్ కూడా ఎంతో కొంత ఉంటుందా అని. పని చేసినందుకు జీతం, పెట్టుబడికి డివిడెండ్. పని చేయని మరిదికీ మీకూ రెండోది తప్ప వేరే దారి లేదు. ఆయన ఇన్నాళ్లు నోరు విప్పలేదంటే నష్టమెంతో లెక్క వేసుకోలేదేమో. ఈ లెక్క ఆయన ముందు పెట్టండి.

ఇక ఆ 4.80 లక్షలు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. కంపెనీ ఆ డబ్బును మీకిచ్చిన అప్పుగా రాసింది. రేపు మీకు డివిడెండ్ ప్రకటించినా, "మీ బాకీలో జమ చేసుకున్నాం" అని చెక్కు ఇవ్వకుండా ఆపవచ్చు. న్యాయంగా రావాల్సిన బాకీ అయితే అలా సర్దుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. రెండోది, ఇలాంటి కంపెనీలో పది శాతం అంతకంటే ఎక్కువ వాటా ఉన్న సభ్యులకు కంపెనీ అప్పు ఇస్తే, పేరుకుపోయిన లాభం ఉన్నంత మేర దాన్ని డివిడెండ్‌గానే లెక్కగట్టి వారి ఆదాయంలో కలపమంటుంది ఆదాయపు పన్ను చట్టం. మీది ఇరవై శాతం. అంటే పేరుకు మీకు డివిడెండ్ రాలేదు గానీ, పన్ను లెక్కల్లో ఏడాదికి 2.40 లక్షల చొప్పున వచ్చినట్టే. తర్వాత తిరిగి కట్టేసినా ఆ మచ్చ పోదు. మీకు వేరే ఆదాయం పెద్దగా లేకపోతే పన్ను పడకపోవచ్చు, కానీ రిటర్న్‌లో చూపించాలి. ఆ డబ్బు మీద టీడీఎస్ కోయనందుకు కంపెనీకి కూడా తలనొప్పి ఉంటుంది.

దీనికి మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, అది అప్పేనని ఒప్పుకుని రాబోయే డివిడెండ్లలో సర్దుకోవడం. అలా సర్దినప్పుడు, ముందే డివిడెండ్‌గా పన్ను లెక్కలో వేసుకున్న మొత్తం మేర మళ్లీ రెండోసారి మీ ఆదాయంలో కలపరు. కానీ రెండేళ్ల పైచిలుకు మీ చేతికి ఏమీ రాదు. రెండోది, బావగారు అది తన సొంత సాయమే అంటే, మీ పేరు మీద నుంచి తీసి ఆయన లెక్కలో రాయించడం. అప్పుడు ఆ మొత్తాన్ని ఆయన జీతంలోంచి కంపెనీకి కట్టుకోవాలి. డైరెక్టరుకు కంపెనీ అప్పు ఇవ్వడం మీద గట్టి ఆంక్షలున్నాయి కాబట్టి ఊరికే ఆయన పేరుకు మార్చి వదిలేస్తే కుదరదు. మీకు మేలైనది ఇదే, కానీ ఆయన మనసు నొచ్చుకునేది కూడా ఇదే. మూడోది మధ్యే మార్గం. సగం సగం చేసుకుని, ఇక మీదట నెల నెలా ఇచ్చే పద్ధతి ఆపి, దాని బదులు డివిడెండ్ తీసుకోవడం. ఇంటి ఖర్చు నెల నెలా గడవాలి కాబట్టి, ఆపే ముందు మొదటి విడత డివిడెండ్ చేతికి వచ్చేలా చూసుకోండి. ఏ దారి పట్టినా, "ఇది ఇంటి ఖర్చుకని పంపారు, అప్పుగా తీసుకోలేదు" అని ఒక చిన్న ఉత్తరం ఈ వారమే కంపెనీకి రాసి పెట్టుకోండి. ముందు ముందు ఆ అడ్వాన్సుకు మీరు ఒప్పుకున్నారని ఎవరూ అనకుండా ఉంటుంది.

ఇదంతా ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది చాలా ముఖ్యం. సమావేశం రోజున లేచి డివిడెండ్ అడగాలని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అది పనిచేయదు. డివిడెండ్‌ను బోర్డు సిఫారసు చేయాలి. సభ్యులు దాన్ని ఒప్పుకోవచ్చు, తగ్గించవచ్చు, పెంచలేరు. బోర్డు సిఫారసే లేకపోతే సమావేశంలో చేయగలిగింది ఏమీ ఉండదు. సమావేశానికి ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వడం మామూలు పద్ధతి కాబట్టి, బోర్డు అకౌంట్లు ఆమోదించేది ఆగస్టు చివరో సెప్టెంబరు మొదటి వారమో అయి ఉంటుంది. మీ మాట దాని ముందే వెళ్లాలి. రిజర్వుకు ఎంత పంపుతున్నారో, డివిడెండ్ ఎంత సిఫారసు చేస్తున్నారో బోర్డు నివేదికలో రాయడం మామూలు. కాబట్టి ఆ రెండు అంకెల గురించి వాళ్లు ఎలాగూ కూర్చుని నిర్ణయించాల్సిందే.

ముందు ఇంటికెళ్లి బావగారితో మాట్లాడండి, తోడికోడలి ముందే. తర్వాత కాగితం మీద ఇలా పెట్టండి: "ఈ సంవత్సరం జనరల్ రిజర్వుకు చేసే బదిలీని నిలిపి, లాభాన్ని మిగులుగా ముందుకు తీసుకెళ్లవలసిందిగా కోరుతున్నాను. షేరుకు ఒక రూపాయి డివిడెండ్‌ను సిఫారసు చేయాలని, డిసెంబరులో నగదు పరిస్థితి చూసి మధ్యంతర డివిడెండ్ పరిశీలించాలని మనవి. నా పేరున ఉన్న అడ్వాన్సు గురించి విడిగా రాశాను." ఇందులో ఎవరినీ వేలెత్తి చూపలేదు. మరిది కూడా ఇలాంటిదే ఒకటి రాస్తే మీ ఇద్దరిదీ నలభై శాతం అవుతుంది. బోర్డులో బావగారివైపు రెండు ఓట్లున్నా, నలభై శాతం వాటాదారులు రాతపూర్వకంగా అడిగినదాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

అయినా కాదంటే? పది శాతం పైన వాటా ఉంది కాబట్టి అణచివేత, అవకతవకల ఫిర్యాదుతో, కంపెనీల తగాదాలు విచారించే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లే హక్కు మీకుంది. కానీ డివిడెండ్ ఇవ్వలేదన్న ఒక్క కారణం అక్కడ సాధారణంగా నిలబడదు. ఒకవైపు డివిడెండ్ ఆపి, ఇంకోవైపు జీతాల రూపంలో తాము తీసుకుంటున్నారని చూపగలగాలి. అందుకు ఏళ్లు పడుతుంది, వకీలు ఖర్చు మీ రెండేళ్ల డివిడెండ్‌ను మింగేస్తుంది, మీరు దాచుకోవాలనుకుంటున్న బంధుత్వం మొదటి వాయిదాకే పోతుంది. దానికంటే మీ షేర్లు కుటుంబంలోనే ఎవరైనా కొనుక్కోమని అడగడం మేలు. నలభై రూపాయల పుస్తక విలువ దగ్గర బేరం మొదలుపెట్టవచ్చు. అయితే అమ్మేశాక రాబోయే లాభాల్లో పాపకు వాటా ఉండదు. ఫీజు కోసం మాత్రమే అయితే అంత దూరం వెళ్లొద్దంటాను.

డివిడెండ్ ఒప్పుకున్నారనుకుందాం. ఈ మార్చి అకౌంట్లలో అది తీసివేతగా కనిపించకపోతే కంగారు పడకండి. సంవత్సరం ముగిశాక ప్రకటించినదాన్ని ఆ సంవత్సరం బాకీగా చూపరు, నోట్‌లో చెప్తారు, తీసివేత వచ్చే ఏడాది అకౌంట్లలో వస్తుంది. సమావేశం ప్రకటించిన ఐదు రోజుల్లో ఆ 5 లక్షలు విడి బ్యాంకు ఖాతాలో వేయాలి, ముప్పై రోజుల్లో మీకు చేరాలి. ఆలస్యమైతే ఏడాదికి పద్దెనిమిది శాతం వడ్డీ. ఏడాదికి పదివేలు దాటిన డివిడెండ్‌పై పది శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్న్ వేస్తే పన్ను పడని మేర తిరిగొస్తుంది. ప్యాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం కోస్తారు. షేర్లు మీ పేరుకు మారినప్పుడు మీ ప్యాన్, బ్యాంకు ఖాతా వివరాలు కంపెనీ సభ్యుల రిజిస్టరులో ఎక్కించారో లేక ఇంకా మీ వారివే ఉన్నాయో, ఉత్తరం ఇవ్వడానికి వెళ్లిన రోజే అడిగి చూసుకోండి.